ఉపవాసం విడిచేటప్పుడు పళ్ల పళ్లెమా, అరటి షేకా, ఛెనానా? కాటా మీద పెట్టి చూసిన లెక్క

మా ఊరు పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే అటు పాతపట్నం, ఇటు మేము. ఇక్కడ కార్తీకం రెండుసార్లు వస్తుంది. ఒడియావాళ్ల కార్తీకం కుమార పున్నమి మర్నాడు మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మనది దీపావళి మర్నాడు మొదలై మళ్లీ అమావాస్య దాకా నడుస్తుంది. మా అమ్మ రెండూ పట్టుకుంటుంది కాబట్టి ఆవిడకి నాలుగు సోమవారాలు కాదు, ఆరో ఏడో వస్తాయి. పగలంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. సాయంత్రం దీపం పెట్టి, చుక్క చూశాక "పళ్లూ పాలే కదమ్మా, ఏముంది అందులో" అంటూ కూర్చుంటుంది. కార్తీకం అయ్యేసరికి మాత్రం ప్రతి ఏడూ ఒంటి బరువు పెరుగుతుంది. ఎందుకు పెరుగుతోందో తేల్చుకుందామని నిరుడు ఆ పళ్లెంలో ఉన్న ఒక్కొక్కటీ చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి తూచాను. "ఏటే, దేవుడి పళ్లు కూడా తూస్తావా" అంది అమ్మ, కానీ తూయనిచ్చింది.

ఆ రోజు పళ్లెం ఇదీ:

| పదార్థం | తినే భాగం తూకం | కేలరీలు |
|---|---|---|
| అరటిపళ్లు 3 | 255 గ్రా. | 255 |
| సీతాఫలం 1 | 110 గ్రా. గుజ్జు | 110 |
| వెన్న తీయని పాలు, పెద్ద స్టీలు గ్లాసు | 300 మి.లీ. | 260 |
| చక్కెర, గోపురంగా 2 చెంచాలు | 14 గ్రా. | 55 |
| జీడిపప్పు గుప్పెడు (20 పలుకులు) | 38 గ్రా. | 210 |
| ఖర్జూరాలు 4 | 32 గ్రా. | 90 |
| మొత్తం | | 980 |

అమ్మ అనుకున్నది మూడొందలు. ఇది తిన్న గంటకి అన్నం, పప్పు మళ్లీ మామూలే. రోజంతా మానేసిన తిండి మొత్తం ఆ ఒక్క పూటలోనే తిరిగి వచ్చేసింది.

అలాగని పళ్లూ పాలూ జీడిపప్పూ మానమని నేను అనను, ఉపవాసం విడవడానికి అంతకంటే మంచివి లేవు. వాటినే మూడు రకాలుగా తినొచ్చు: పళ్లెంలో విడివిడిగా, మిక్సీలో షేక్‌గా, పాలు విరగ్గొట్టి ఛెనాగా. మూడింటి లెక్కా మూడు రకాలుగా ఉంటుంది. ఎవరికి ఏది నప్పుతుందో చూసేముందు, కూడిక ఎక్కడ తప్పుతుందో తెలియాలి.

## కూడే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది తొక్క. అరటిపండు తొక్కతో 130 గ్రాములుంటే వలిచాక 85 మిగిలింది. సీతాఫలం ఇంకా ఎక్కువ: కొండ మీంచి సవరలు గంపల్లో తెచ్చే కాయ ఒకటి 240 గ్రాములు తూగింది, తిన్నాక తొక్కా గింజలూ మళ్లీ తూస్తే 130. అంటే నోట్లోకి వెళ్లింది సగం కూడా కాదు. కాయ మొత్తం తూకానికి లెక్క కడితే సీతాఫలానికి రెట్టింపు పైన వస్తుంది. జామకి ఈ బాధ లేదు, తొడిమ తప్ప అంతా తినేదే. తినే భాగం 100 గ్రాములకి అరటిపండుకి రకాన్ని బట్టి 90 నుంచి 110 కేలరీల దాకా ఉంటుంది, నేను 100 పట్టుకుంటాను. సీతాఫలానికి కూడా వందే. జామకి 60, బొప్పాయికి 40, ఆపిల్‌కి 55 దగ్గర. ఎండు ఖర్జూరం ఒక్కోటి గింజ తీశాక 8 గ్రాములుంటే 22, 23 కేలరీలు.

రెండోది పాలు, మనం ఎక్కువ మోసపోయేది ఇక్కడే. "ఒక గ్లాసు" అంటే ఎంతో ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ఇంట్లో మూడు సైజుల స్టీలు గ్లాసులున్నాయి, చిన్నది 180, పెద్దది 300. కాటా మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, మీరు మామూలుగా పోసుకునే మట్టం దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మి.లీ. అనుకోవచ్చు. ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. ఇక ఏ పాలు అన్నది ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. 100 మి.లీ.కి టోన్డ్ 58, ఫుల్ క్రీమ్ 87 కేలరీలు. అదే గ్లాసు, అదే తెల్లదనం, తేడా మాత్రం ఒకటిన్నర రెట్లు.

పాల విషయంలోనే ఇంకొకటి: కాచి చిక్కబెట్టిన పాలని చిక్కబడ్డాక కొలవకండి. అరలీటరు టోన్డ్ పాలల్లో 290 కేలరీలుంటాయి. అవి సన్న సెగ మీద మరిగి 350 మి.లీ. అయినా ఆ 290 ఎక్కడికీ పోవు, ఆవిరైపోయేది నీళ్లే. అప్పుడు 200 మి.లీ. తాగితే 116 కాదు, 165 తాగినట్టు. కాచకముందు ఎంత పోశారో గుర్తుపెట్టుకుని, దాన్ని ఎంతమంది పంచుకున్నారో చూసి భాగించుకోవడమే సులువు. మీగడ తీసేస్తే కొంత తగ్గుతుంది, నీళ్లు కలిపితే గ్లాసులో పాలు తగ్గుతాయి, అంతే.

మూడోది గుప్పెడు. పలాస మాకు దగ్గర కాబట్టి జీడిపప్పు ఇంట్లో డబ్బాలతో ఉంటుంది, అందుకే చెయ్యి కొంచెం ధారాళం. దీనికి మాత్రం కాటా కూడా అక్కర్లేదు, కొట్లో అడిగే నంబరు చాలు. W320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 320 దాకా పలుకులు తూగే రకం. కాబట్టి పలుకు 1.4 గ్రాములు, సుమారు 8 కేలరీలు. W240 అయితే పలుకు 1.9 గ్రాములు, 10 దాటుతుంది. W180 అనే పెద్ద పప్పు ఒక్కోటి 14. "రోజుకి పది జీడిపప్పులు" అని ఎవరైనా చెబితే ఏ నంబరు పప్పు అన్నదాన్ని బట్టి అది 80 కావచ్చు, 140 కావచ్చు. బాదంపప్పు మామూలు సైజుది ఒక్కోటి 7 కేలరీలు. నేతిలో వేయిస్తే అంటుకున్న నెయ్యి వేరే కూడాలి, చెంచా నెయ్యికి 40, 45 పడుతుంది.

కేలరీలతో పాటు నేను చూసేవి ఇంకో రెండున్నాయి. ఒకటి ప్రోటీన్, పగలంతా ఏమీ తినని ఒంటికి రాత్రి కూడా అది అందకపోతే మర్నాడు నీరసం తెలుస్తుంది. రెండోది పిండిపదార్థం, అంటే చక్కెర కింద లెక్కకొచ్చేది, షుగర్ ఉన్నవాళ్లకి కేలరీల కంటే ఇదే ముఖ్యం.

## పళ్లెం: విడివిడిగా తినడం

ఒక అరటిపండు (85), 120 గ్రాముల జామకాయ (70), 200 మి.లీ. టోన్డ్ పాలు చక్కెర లేకుండా (115), W320 జీడిపప్పు ఎనిమిది పలుకులు (65). మొత్తం 335.

నాకు మూడింటిలో ఇదే ఇష్టం, ఎందుకంటే కూడిక కళ్ల ముందే ఉంటుంది, ఒక పండు ఎక్కువైతే కనిపిస్తుంది. నమిలి తినాలి కాబట్టి పావుగంట పడుతుంది, ఆ పావుగంటలో ఆకలి కాస్త సర్దుకుంటుంది. విడి పప్పుకి ఇంకో లాభం కూడా ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో బాదంపప్పు తిన్నవాళ్ల మీద కొలిచి చూస్తే, 28 గ్రాములకి మామూలు లెక్కలో 170 దాకా రావాల్సింది ఒంటికి నిజంగా దక్కింది 129 అని తేలింది. పప్పు మనం ఎంత నమిలినా కొంత కొవ్వు గట్టి కణాల గోడల లోపలే ఉండిపోయి అలాగే బయటికి పోతుంది. నా కూడికలో మాత్రం ఈ తగ్గింపు వేసుకోను, డబ్బా మీదున్న లెక్కే పట్టుకుంటాను. కొంచెం ఎక్కువ రాసుకున్నా నష్టం లేదు.

దీని లోటు చెయ్యి ఆగకపోవడమే. పళ్లెం పక్కన పప్పు డబ్బా ఉంటే ఎనిమిది పలుకులు ఇరవై కావడానికి నిమిషం పట్టదు. పప్పు లెక్కపెట్టి పళ్లెంలో పోసి, డబ్బా మూత పెట్టి లోపల పెట్టేశాకే కూర్చోండి.

## షేక్: అన్నీ కలిపి మిక్సీలో

మా తమ్ముడిది ఇదే. రెండు అరటిపళ్లు (170), పావు లీటరు ఫుల్ క్రీమ్ పాలు (220), నాలుగు ఖర్జూరాలు (90), పది జీడిపప్పులు (80), పైన ఒక గోపురం చెంచా చక్కెర (30). మొత్తం 590. ఇది ఐదు నిమిషాల్లో తాగేస్తాడు, మరో అరగంటకి "అన్నం పెట్టమ్మా" అంటాడు. నమలకుండా తాగింది కడుపు నిండినట్టు అంతగా అనిపించదు కాబట్టి ఆ 590 మీద భోజనం కూడా పూర్తిగా తింటాడు. పైగా మిక్సీలో పప్పు మెత్తగా పేస్టు అయిపోతే ఇందాక చెప్పిన ఆ తగ్గింపు కూడా ఉండదు, అందులోని కొవ్వంతా ఒంటికి అందుతుంది.

అన్నింటికంటే అనవసరమైనది ఆ చక్కెర. రెండు అరటిపళ్లు, నాలుగు ఖర్జూరాలు వేశాక తీపికి ఇంకేం కావాలి? అదే షేక్ ఒక అరటిపండు, 200 మి.లీ. టోన్డ్ పాలు, రెండు ఖర్జూరాలు, ఆరు జీడిపప్పులతో చేస్తే 290కి దిగింది, రుచిలో తేడా తమ్ముడు కనిపెట్టలేదు. ఖర్జూరాలు ముందే పావుగంట ఆ పాలల్లోనే నానబెడితే తీపి బాగా దిగుతుంది.

అయినా పెద్ద షేక్‌ని నేను కొట్టిపారేయను. ఒంటిపూట పట్టి ఆ రాత్రి ఇక అన్నం ముట్టనివాళ్లున్నారు, వాళ్లకి 335 కేలరీల పళ్లెం చాలదు. పొద్దున్నే పనికెళ్లాల్సినవాళ్లకి, మొదటే సన్నగా ఉన్నవాళ్లకి, పళ్లు సరిగ్గా లేక జామకాయ నమల్లేని పెద్దవాళ్లకి 590 షేకే సరైన రాత్రి తిండి. చక్కెర తీసేసి 560 చేసుకోండి, మెల్లగా తాగండి.

## ఛెనా: మా వైపు పద్ధతి

ఇది మా పక్కింటి ఒడియా మావుసి దగ్గర నేర్చుకున్నది. ఆవు పాలు విరగ్గొట్టి గుడ్డలో వడకడితే వచ్చే మెత్తటి ముద్దే ఛెనా, పన్నీరులా బరువు పెట్టి గట్టిపరచరు. దాంట్లో అరటిపండు, పచ్చికొబ్బరి కోరు, కాస్త చక్కెర వేసి చేత్తో మెదిపి, పైన జీడిపప్పు పలుకులు. 60 గ్రాముల ఛెనా (160), ఒక అరటిపండు (85), రెండు చెంచాల కొబ్బరి, అంటే 10 గ్రాములు (40), తలగొట్టిన చెంచా చక్కెర (20), ఆరు జీడిపప్పులు (45). మొత్తం 350.

కేలరీల్లో పళ్లెంతో సమానంగానే ఉంది. తేడా లోపల ఉంది. ఆ 60 గ్రాముల ఛెనాకి 350 మి.లీ. పైనే పాలు కావాలి. విరిగినప్పుడు పాలలో ఉండే చక్కెర చాలావరకు ఆ నీళ్లలో బయటికి పోతుంది, ప్రోటీన్ చాలా భాగం, కొవ్వు ముద్దలో మిగులుతాయి. అందుకే ప్రోటీన్ ఎక్కువ, పిండిపదార్థం తక్కువ, పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లకి కూడా చాలామందికి ఇది పడుతుంది. లోటు పని: పాలు కాచి, విరగ్గొట్టి, నీళ్లు ఓడేదాకా ఆగాలి. మధ్యాహ్నమే చేసి పెట్టుకోవాలి, ఉపవాసంలో ఉన్న మనిషికి అది కష్టం.

ఇక్కడ కూడిక తప్పే చోటు తడి. నీళ్లు సరిగ్గా ఓడని ఛెనా 100 గ్రాములు తూగినా దాంట్లో ఉండాల్సినదానికంటే నీళ్లు ఎక్కువ ఉండొచ్చు. గిన్నెలో పెట్టాక అడుగున నీళ్లు చేరుతున్నాయంటే మీ లెక్క ఎక్కువ చూపిస్తోందని అర్థం. బజారు ఛెనా అయితే అప్పటికే చక్కెర కలిపి ఉందేమో ముందు రుచి చూడండి.

## పక్కపక్కన పెడితే

| | పళ్లెం | పెద్ద షేక్ | చిన్న షేక్ | ఛెనా |
|---|---|---|---|---|
| కేలరీలు | 335 | 590 | 290 | 350 |
| ప్రోటీన్ (గ్రా.) | 10 | 14 | 9 | 14 |
| పిండిపదార్థం (గ్రా.) | 50 | 87 | 45 | 30 |
| తినడానికి పట్టే సమయం | పావుగంట | 5 నిమిషాలు | 5 నిమిషాలు | 10 నిమిషాలు |
| కూడికలో తప్పే చోటు | పప్పు గుప్పెడు | పాలు, చక్కెర | ఖర్జూరాలు | నీళ్లు ఓడకపోవడం |

గంట తర్వాత భోజనం చేసేవాళ్లయితే పళ్లెంలోంచి అరటిపండు కూడా తీసేయండి, 250 అవుతుంది, ఆ మేరకు అన్నం తగ్గించండి. బరువు తగ్గాలనుకునేవాళ్లు పళ్లెం లేదా ఛెనాతోనే రాత్రి గడపగలిగితే మంచిదే, కాకపోతే ఛెనా ఎక్కువసేపు ఆకలి ఆపుతుందని అమ్మ అంటుంది, నాకూ అలాగే అనిపించింది.

## షుగర్ మందులు వేసుకునేవాళ్లు ఇది చదవండి

నాన్నకి షుగర్ మాత్రలున్నాయి. మూడేళ్ల కింద ఒక సోమవారం ఎవరికీ చెప్పకుండా అమ్మతో పాటు ఉపవాసం ఉన్నారు. పొద్దుటి మాత్ర మాత్రం వేసుకున్నారు. నాలుగింటికి చెమటలు, చేతులు వణుకు. వేలు గుచ్చి చూస్తే 64. మేము కంగారుగా పాలు, జీడిపప్పు పెట్టాం. అది మా తప్పు. పప్పులో, పాలలో ఉన్న కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది, ఇరవై నిమిషాలైనా ఆయన తేరుకోలేదు. తర్వాత డాక్టరు చెప్పింది ఇదీ: 70 కంటే తగ్గితే చుక్క కోసం ఆగకూడదు, ఉపవాసం అక్కడితో విడిచేయాలి. 15 గ్రాముల చక్కెర, అంటే తలగొట్టిన మూడు నాలుగు చెంచాలు, నీళ్లలో కలిపి ఇవ్వాలి, పావుగంటకి మళ్లీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. పాలూ పప్పూ ఆ తర్వాతే. మనిషి మాట తడబడి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మాత్ర ఆపాలి, ఏది సాయంత్రానికి మార్చాలి అన్నది ఉపవాసానికి ముందే డాక్టరుతో మాట్లాడాల్సిన సంగతి, ఇన్సులిన్ వేసుకునేవాళ్లయితే మరీను.

షుగర్ మామూలుగా ఉండి సాయంత్రం విడిచే రోజున నాన్నకి నేను పెట్టేది అరటిపండు లేని పళ్లెం: జామకాయ, టోన్డ్ పాలు, ఎనిమిది పలుకులు. 250 కేలరీలు, 30 గ్రాముల పిండిపదార్థం. ఛెనా అడిగితే చక్కెర వేయను, అరటిపండు సగమే. ఖర్జూరం ఒక్కోదాంట్లో 6 గ్రాములు కాబట్టి అది ఆయన పళ్లెంలోకి రాదు. సీతాఫలం అంటే ప్రాణం ఆయనకి, అందుకని జామ బదులు సగం కాయ పెడతాను, గుజ్జు 55 గ్రాములు తూచి.

అమ్మ పళ్లెం కూడా మారింది. పెద్ద గ్లాసు తీసేసి 180 మి.లీ. గ్లాసు పెట్టాను, పాలు టోన్డ్, చక్కెర ఒక్క చెంచా మాత్రం ఉండాల్సిందే అంది, తలగొట్టి వేశాను. ఒక అరటిపండు, సగం సీతాఫలం, పది పలుకులు. పాలు 105, చక్కెర 20, అరటి 85, సీతాఫలం 55, జీడిపప్పు W320 రకం 80: మొత్తం 345. మిగిలిన రెండు అరటిపళ్లు ప్రసాదంగా పక్కింటి మావుసి పిల్లలకి వెళ్లాయి.